పుట్ అమ్మిన డబ్బుతో కాల్ కొంటే: జూన్ 4 నేర్పే లెక్క

2024 జూన్ 3, సోమవారం. శనివారం సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ అధికార కూటమికి భారీ మెజారిటీ వస్తుందని చెప్పాయి. ఆ ఉత్సాహంలో నిఫ్టీ ఒక్కరోజులోనే 733 పాయింట్లు ఎగబాకి 23,263.90 వద్ద ముగిసింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలు కూడా ఆ రోజే కాబట్టి తెలుగువాళ్లంతా పొద్దుటి నుంచీ టీవీల ముందే ఉన్నారు. బీజేపీకి సొంతంగా 240 సీట్లే వస్తున్నాయని తేలేసరికి నిఫ్టీ ఒక దశలో 21,281 దాకా జారి, చివరికి 1,379 పాయింట్ల నష్టంతో 21,884.50 దగ్గర ఆగింది. నాలుగేళ్లలో మార్కెట్ అంతగా పడిన రోజు మరొకటి లేదు. అయినా ఆ నెల ఎక్స్‌పైరీ రోజు, జూన్ 27న, అదే నిఫ్టీ మొదటిసారి 24,000 దాటి 24,044.50 వద్ద ముగిసింది.

జూన్ 3 సాయంత్రం ఒకరికి "నెలాఖరుకి మార్కెట్ ఇంకా పైకే వెళ్తుంది" అనిపించిందనుకుందాం. చివరికి వాళ్ల అంచనా నిజమైంది. అయితే అంచనా నిజమవడం వేరు, దాని మీద పెట్టిన పొజిషన్ డబ్బు తేవడం వేరు. ఆ రెండింటి మధ్య దూరం ఎంతో చూపించడానికి రిస్క్ రివర్సల్ అనే పద్ధతిని మించింది నాకు కనబడలేదు. దాన్ని ఈ 24 రోజుల మీదే పెట్టి చూద్దాం.

నిర్మాణం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఇప్పుడున్న ధరకి పైన ఉన్న స్ట్రైక్‌లో కాల్ కొంటారు, కింద ఉన్న స్ట్రైక్‌లో పుట్ అమ్ముతారు. కాల్ కొన్నవారికి, నిఫ్టీ ఆ స్ట్రైక్ దాటితే దాటినంత మేరా లాభం. దానికి ముందుగా ప్రీమియం చెల్లించాలి. పుట్ అమ్మినవారికి ముందుగా ప్రీమియం చేతికొస్తుంది. నిఫ్టీ ఆ స్ట్రైక్ కిందికి పడితే మాత్రం పడినంత మేరా వాళ్లే చెల్లించాలి. పుట్ మీద వచ్చిన డబ్బుతో కాల్ కొనేస్తే జేబులోంచి తీసేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే బ్రోకర్ల ప్రచారంలో దీనికి "జీరో కాస్ట్" అనే ముద్ర పడింది. ఆ మాటతోనే నాకు పేచీ. ఎందుకో లెక్కలోకి వెళ్తే తెలుస్తుంది.

పుట్ అమ్మితే వచ్చేదీ, కాల్‌కి పెట్టాల్సిందీ ఎలా సమానమవుతాయి? సమానం కావడమే కాదు, సూచీల్లో సాధారణంగా పుట్ వైపే మొగ్గు ఉంటుంది. దానికి కారణం స్క్యూ.

ఆప్షన్ ధరలో ఒక అంచనా దాగి ఉంటుంది: ఎక్స్‌పైరీ లోపు మార్కెట్ ఎంత ఊగిసలాడుతుంది అని. ధర నుంచి వెనక్కి లెక్కగట్టి రాబట్టిన ఆ అంచనాని ఇంప్లైడ్ వోలటాలిటీ అంటారు, ట్రేడర్ల నోట్లో ఐవీ. ఎన్ఎస్ఈ వెబ్‌సైట్‌లో ఆప్షన్ చెయిన్ తెరిస్తే ప్రతి స్ట్రైక్ పక్కనా ఇది కనిపిస్తుంది. సిద్ధాంతం ప్రకారమైతే ఒకే సూచీకి, ఒకే ఎక్స్‌పైరీకి అన్ని స్ట్రైక్‌ల దగ్గరా ఐవీ ఒకటే ఉండాలి. అసలు చెయిన్‌లో అలా ఉండదు. కింది స్ట్రైక్‌ల వైపు వెళ్లేకొద్దీ ఐవీ పెరుగుతుంది, పైకి వెళ్తే కొంత తగ్గుతుంది. ఈ వాలునే స్క్యూ అంటారు.

అమెరికా సూచీ ఆప్షన్లలో ఈ వాలు స్థిరపడింది 1987 తర్వాత. ఆ ఏడాది అక్టోబర్ 19న డౌజోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం కూలింది. అంత పతనం ఒక్కరోజులో సాధ్యమేనని కళ్లారా చూశాక, పుట్‌ని మునుపటి ధరకి అమ్మేవాళ్లు లేకుండాపోయారు. సూచీలు మెల్లగా పెరుగుతాయి, పడేటప్పుడు మాత్రం వేగంగా పడతాయి. పడేటప్పుడే ఊగిసలాట కూడా పెరుగుతుంది. పైగా వేల కోట్ల షేర్లు చేతిలో ఉన్న ఫండ్లు రక్షణ కోసం పుట్‌లు కొంటూనే ఉంటాయి. తమ షేర్ల మీద కొంత ఆదాయం కోసం పై స్ట్రైక్ కాల్స్ అమ్మేవాళ్లూ ఉంటారు. కింద కొనేవాళ్లు ఎక్కువ, పైన అమ్మేవాళ్లు ఎక్కువ. వాలు అలా నిలబడుతుంది.

రిస్క్ రివర్సల్ వేసేవారు ఈ ప్రవాహానికి ఎదురు నిలబడతారు. అందరూ కొంటున్నది అమ్ముతారు, అందరూ అమ్ముతున్నది కొంటారు. పుట్ నిజానికి ఇన్సూరెన్స్ పాలసీయే. దాన్ని అమ్మినవారు ఆ నెలకి చిన్న ఇన్సూరెన్స్ కంపెనీ అయినట్టే. వసూలైన ప్రీమియంతో లాభాల టికెట్ కొనుక్కున్నా, ఇంకొకరి ఇల్లు కాలితే కట్టిస్తానన్న మాట అలాగే ఉంటుంది.

ఇప్పుడు జూన్ 3 లెక్క. కింద చెప్పే ఆప్షన్ ధరలు ఆ రోజు స్క్రీన్ మీద కనబడినవి కావు. నిఫ్టీ స్థాయిలు వాస్తవమైనవి. ఐవీలు మాత్రం ఉదాహరణ కోసం నేను అనుకున్నవి, వాటితో మామూలు ఆప్షన్ ఫార్ములా ప్రకారం ధరలు లెక్కగట్టాను. జూన్ 27 ఎక్స్‌పైరీకి 24 రోజులుంది. వడ్డీ కలిపితే ఆ ఎక్స్‌పైరీ ఫ్యూచర్ న్యాయమైన ధర సుమారు 23,350. దూరాలు కొలవాల్సింది ఈ ఫ్యూచర్ ధర నుంచి. చాలామంది స్పాట్ నుంచి కొలిచి, కాల్ ఎందుకు ఖరీదుగా ఉందో అర్థంకాక తికమకపడతారు.

ఫ్యూచర్‌కి 850 పాయింట్ల కింద 22,500 పుట్, 850 పాయింట్ల పైన 24,200 కాల్ ఉన్నాయి. స్క్యూ లేదు, రెండు చోట్లా ఐవీ 20 శాతమే అనుకుంటే పుట్ ధర 161, కాల్ ధర 175 వస్తాయి. కాల్ కొనడానికి పుట్ డబ్బు చాలదు, 14 పాయింట్లు ఎదురు పెట్టుకోవాలి. ఇప్పుడు స్క్యూని లెక్కలోకి తెద్దాం. పుట్ ఐవీ 22 శాతం, కాల్ ఐవీ 18 శాతం. పుట్ 198కి చేరుతుంది, కాల్ 137కి దిగుతుంది. అదే దూరంలో ఉన్న రెండు ఆప్షన్లకి ఇప్పుడు 61 పాయింట్లు మిగులు.

ఆ మిగులుని చేతిలో ఉంచుకోవచ్చు, లేదా దానితో కాల్‌ని దగ్గరికి లాక్కోవచ్చు. మార్కెట్ పెరుగుతుందన్న నమ్మకమే అసలు కారణమైతే రెండోదే సబబు. 18 శాతం చిల్లర ఐవీతో 24,000 కాల్ ధర 191. పుట్ మీద వచ్చిన 198లోంచి దాన్ని కొంటే 7 పాయింట్లు మిగులుతాయి, ఖర్చులకి సరిపోతాయి. స్క్యూ లేని లోకంలోనైతే పుట్ మీద వచ్చే 161కి 24,250 దరిదాపుల్లోని కాలే దొరికేది. స్క్యూ మనకిచ్చింది అచ్చంగా ఆ 250 పాయింట్ల దగ్గరితనం. పుట్ 850 పాయింట్ల దూరంలో ఉంటే కాల్ 650 పాయింట్ల దూరంలోనే ఉంది.

ఎక్స్‌పైరీ రోజు సంగతి సులువు. నిఫ్టీ 22,500కీ 24,000కీ మధ్య ముగిస్తే రెండూ సున్నా, 7 పాయింట్లు మిగులు. 24,000 దాటితే దాటినంతా లాభం. 22,500 కిందికి దిగితే దిగినంతా నష్టం, దానికి అడుగు లేదు. ఈ బొమ్మనే అందరూ చూపిస్తారు. నడుమ రోజుల్లో ఏం జరుగుతుందో ఆ బొమ్మలో కనబడదు.

పొజిషన్ వేసిన క్షణంలో ఇది సుమారు సగం ఫ్యూచర్‌లా కదులుతుంది. నిఫ్టీ ఒక పాయింట్ కదిలితే కాల్ 0.29, పుట్ 0.25 కదులుతాయి, కలిపి 0.54. మార్కెట్ పెరిగేకొద్దీ కాల్ బలం పుంజుకుంటుంది, అది సంతోషమే. పడేకొద్దీ మాత్రం పుట్ బలపడుతుంది, అంటే నష్టపోతున్నకొద్దీ పొజిషన్ తనంతట తానే పెద్దదవుతుంది. దానికి తోడు పడే మార్కెట్‌లో ఐవీలు పెరుగుతాయి. కాల్ కొన్నాం కాబట్టి ఐవీ పెరిగితే మనకి మంచిదేగా అనే మాట వినిపిస్తుంటుంది. మొదట్లో అది కొంతవరకు నిజం. కానీ నిఫ్టీ పుట్ స్ట్రైక్ దగ్గరికి వచ్చేసరికి ఐవీకి స్పందించేదంతా అమ్మిన పుట్టే. దూరంగా మిగిలిపోయిన కాల్ దాదాపు కదలదు.

జూన్ 4న నిఫ్టీ 21,884 వద్ద ముగిసినప్పుడు, పుట్ ఐవీ 25 శాతానికి చేరిందనుకుంటే దాని ధర 864 అవుతుంది. 191కి కొన్న కాల్ 18కి దిగుతుంది. ముందు మిగిలిన 7 తీసేస్తే నష్టం 839 పాయింట్లు. ఆ రోజుల్లో నిఫ్టీ లాట్ 25 కాబట్టి లాట్‌కి సుమారు 21,000 రూపాయలు. పుట్ ఐవీ 22 దగ్గరే ఆగి ఉంటే పుట్ ధర 803 అయ్యేది. అంటే నష్టంలో 61 పాయింట్లు కేవలం భయం ఖరీదు. కాకతాళీయమే కానీ, స్క్యూ వల్ల ముందురోజు సాయంత్రం ఎంత మిగులు కనిపించిందో సరిగ్గా అంతే ఇలా ఎదురొచ్చింది. నిఫ్టీ 21,281 తాకిన ఆ గడియల్లోనైతే ఇండియా విక్స్ 30 దాటింది. ఆ స్థాయి ఐవీతో పుట్ ధర 1,400 దగ్గర ఉంటుంది. నిన్న 198కి అమ్మినది ఇవాళ 1,400.

న్యాయంగా చెప్పాలంటే ఫ్యూచర్ కొన్నవారికన్నా ఇది మేలే. వాళ్లకి ఆ రోజు ముగింపు వద్ద సుమారు 1,379 పాయింట్లు పోయేవి. కాల్ ఒక్కటే కొన్నవారికి మాత్రం పోయేది 173 పాయింట్లే, ఎక్స్‌పైరీ దాకా ఎంత ఘోరం జరిగినా 191 దాటదు. "జీరో కాస్ట్" అన్న మాటలో దాగింది ఈ తేడా. 191 పాయింట్లు ఖర్చు పెట్టనక్కర్లేదన్న సౌకర్యానికి బదులుగా, 22,500 కింద ఎంత పడితే అంత భరిస్తానని సంతకం పెట్టినట్టు లెక్క.

ఇక్కడే చాలామంది పొజిషన్లు చచ్చిపోతాయి, కారణం మార్జిన్. ఫ్యూచర్స్‌లో ఏరోజు నష్టం ఆరోజు నగదుగా తీసేసుకుంటారు. అమ్మిన ఆప్షన్‌కి అలా కాదు, దాని ధర పెరిగినకొద్దీ ఉంచాల్సిన మార్జిన్ పెరుగుతుంది. పైగా ఊగిసలాట పెరిగిందని ఎక్స్ఛేంజ్ రిస్క్ లెక్క కూడా బిగుస్తుంది. కాల్ చేతిలో ఉంది కదా అని మార్జిన్ పెద్దగా తగ్గదు, ఎందుకంటే మార్కెట్ పడితే ఆ కాల్ ఎవరినీ ఆదుకోదు. సరిగ్గా మార్జిన్‌కి సరిపడా డబ్బుతోనే దిగినవారు ఆ మధ్యాహ్నం అదనపు సొమ్ము తేలేకపోతే, పొజిషన్‌ని బ్రోకర్ మూసేస్తాడు. మూసేది కూడా ధర అన్నిటికన్నా ఘోరంగా ఉన్న సమయంలో.

తట్టుకుని నిలబడినవారి సంగతి చూద్దాం. జూన్ 5న నిఫ్టీ 22,620కి తిరిగొచ్చింది, 7న 23,290 దాటింది. జూన్ 27న 24,044.50. పుట్ సున్నా అయింది. 24,000 కాల్ విలువ 44.50. ముందు మిగిలిన 7 కలిపితే మొత్తం లాభం 51.50 పాయింట్లు, లాట్‌కి 1,300 రూపాయలకి కొంచెం తక్కువ, ఖర్చులు కాకుండా. అదే 23,350కి ఫ్యూచర్ కొని భరించినవారికి సుమారు 694 పాయింట్లు వచ్చాయి. దిశ సరిగ్గా చెప్పినా, నడుమ 839 పాయింట్ల నష్టాన్ని చూసి కూడా కదలకుండా కూర్చున్నా, చేతికొచ్చింది అంతే. దీనికి కారణం స్పష్టం. 23,350 నుంచి 24,000 దాకా ఉన్న మొదటి 650 పాయింట్ల పెరుగుదలలో ఎక్స్‌పైరీ నాటికి ఈ పొజిషన్‌కి వాటా లేదు. అందుకే "మార్కెట్ కొంచెం పెరుగుతుంది" అనుకునేవారికి ఇది తగదు. పెద్ద కదలిక వస్తుందని, వస్తే పైకేనని, కిందికి వస్తే ఆ ధరకి కొనడానికి అభ్యంతరం లేదని, ఈ మూడూ కలిసి నమ్మినప్పుడే ఇది సరిపోతుంది.

నష్టానికి అడుగు వేయవచ్చు. ఇంకా కింద 21,500 పుట్ కొంటే, వెయ్యి పాయింట్ల దగ్గర నష్టం ఆగుతుంది. కానీ స్క్యూ వాలు మీద ఇంకా కిందికి దిగుతున్నాం కాబట్టి దాని ఐవీ ఇంకా ఎక్కువ, 25 శాతం అనుకుంటే ధర 67. అమ్మేటప్పుడు మనకి పనికొచ్చిన స్క్యూకి ఇక్కడ మనమే తిరిగి చెల్లిస్తాం. 7 మిగులు పోయి 60 పాయింట్ల ఖర్చు అవుతుంది. జూన్ 4 ముగింపులో ఆ పుట్ సుమారు 384కి చేరేది, నష్టం 839 నుంచి 522కి తగ్గేది. జూన్ 27న మాత్రం 51.50 లాభం కాస్తా 15.50 నష్టమయ్యేది. ఆ 15.50 చూసి అడుగు వేయడం దండగని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. జూన్ 4 మధ్యాహ్నం బ్రోకర్ చేత మూయించుకోకుండా నిలబెట్టేది అదే, మార్జిన్‌ని గట్టిగా తగ్గించేదీ అదే. చిన్న మదుపరి అయితే అది లేకుండా పుట్ అమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

స్క్యూ ఎంత ఉందో చూసుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. డెల్టా 0.25 దగ్గర ఉన్న పుట్ ఐవీలోంచి, అదే డెల్టా ఉన్న కాల్ ఐవీ తీసేస్తే చాలు. విదేశీ మారక మార్కెట్‌లో బ్యాంకులు ఈ రెండు ఐవీల తేడానే రిస్క్ రివర్సల్ అనే పేరుతో కోట్ చేస్తాయి, ఆ పేరు అక్కడ బాగా పాతుకుపోయింది. మన ఉదాహరణలో తేడా 4 దగ్గర ఉంది. ఒక్కరోజు అంకె చూసి ఎక్కువో తక్కువో చెప్పలేం. అదే ఎక్స్‌పైరీ దూరంలో కొన్ని నెలలుగా అది ఎక్కడ తిరుగుతోందో రాసి పెట్టుకోవాలి. తేడా మామూలుకన్నా పెద్దదిగా ఉండి, పడిపోయిన మార్కెట్ కుదుటపడుతున్నప్పుడు ఈ పొజిషన్‌కి అనుకూలం. సూచీ పెరగడంతో పాటు పుట్ ఐవీ దిగడం కూడా కలిసొస్తుంది. తేడా సన్నగా ఉన్నప్పుడు పుట్ అమ్మితే కాల్ దగ్గరికి రాదు, ప్రమాదం మాత్రం అంతే ఉంటుంది. ఓట్ల లెక్కింపు లాంటి తేదీ ముందుంటే, ఎక్కువగా కనిపిస్తున్న ఐవీ ఊరికే ఇచ్చినది కాదు, నిజంగా రాబోయే కుదుపు ధర అది.

షేర్ల ఆప్షన్లలో ఇదే పని చేసేవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. నిఫ్టీ ఆప్షన్లు నగదుతో ముగుస్తాయి. షేర్ల ఆప్షన్లు డెలివరీతో ముగుస్తాయి. పుట్ స్ట్రైక్ కింద ముగిస్తే లాట్ మొత్తం షేర్లని స్ట్రైక్ ధరకి కొనాల్సిందే, డబ్బంతా సిద్ధంగా ఉండాలి. ఎక్స్‌పైరీ దగ్గరపడేకొద్దీ దానికి తగ్గట్టు మార్జిన్ కూడా పెంచుతారు. పైగా నెలవారీ షేర్ ఆప్షన్లలో దూరపు స్ట్రైక్‌ల దగ్గర కొనుగోలు, అమ్మకం ధరల మధ్య ఖాళీ ఎక్కువ. తెర మీద కనబడే స్క్యూ లాభం ఆ ఖాళీలోనే ఇంకిపోతుంటుంది. అందుకని రెండు లెగ్‌లూ లిమిట్ ఆర్డర్లతో, ముందు కాల్ కొని తర్వాత పుట్ అమ్మాలి. మొదట పుట్ అమ్మేసి కాల్ దొరక్కపోతే మిగిలేది రక్షణ లేని పుట్ ఒక్కటే.

ఎన్ని లాట్‌లు అన్న లెక్క ప్రీమియంని బట్టి వేయకూడదు, అమ్మిన పుట్ పూర్తి విలువని బట్టి వేయాలి. 22,500 పుట్ ఒక లాట్ అమ్మడమంటే, లాట్ 25గా ఉన్నప్పుడు 5,62,500 రూపాయల నిఫ్టీని ఆ ధరకి కొంటానని ఒప్పుకోవడం. 2024 నవంబర్ నుంచి సెబీ కొత్త నియమాల ప్రకారం సూచీ కాంట్రాక్టు విలువ మొదలయ్యే నాటికి కనీసం 15 లక్షలు ఉండాలి. కాబట్టి ఇప్పుడు ఒక్క లాట్ అమ్మినా ఒప్పుకుంటున్నది అంత మొత్తానికి. పొజిషన్ వేసే ముందే బయటికొచ్చే చోటు కూడా రాసుకోవాలి. నిఫ్టీ పుట్ స్ట్రైక్‌కి 200 పాయింట్ల దగ్గరికి వస్తే పుట్ తిరిగి కొనేయడం ఒక పద్ధతి. జూన్ 4 లాంటి రోజున మార్కెట్ ఆ గీతని క్షణాల్లో దాటేస్తుంది కాబట్టి, తేదీ తెలిసిన కుదుపు ముందుంటే ఆ గీతని నమ్ముకోకుండా కింది పుట్ ముందే కొనిపెట్టుకోవాలి. అలాగే పెరుగుదల తొందరగా వచ్చి పుట్ 198 నుంచి 30, 40కి దిగితే, దాన్ని వెంటనే కొనేసి మూసేయాలి. ఆ చివరి 30 పాయింట్ల కోసం ఇంకో రెండు వారాలు అంత బాధ్యత మోయడం లెక్కకి నిలవదు. పుట్ మూశాక చేతిలో మిగిలేది కాల్ మాత్రమే, దాన్ని ఎక్స్‌పైరీ దాకా ఉంచుకున్నా అప్పటికి ఆ కాల్‌కి ఉన్న విలువకి మించి పోయేదేమీ ఉండదు.